‘మేము’ అంటున్నది ఎవరు? యెషయా 53 చుట్టూ రెండు వేల ఏళ్ల వాదం

నంద్యాల, ఆళ్లగడ్డ, గడివేముల చుట్టుపక్కల ఊళ్లలో చర్చికి వెళ్లే ఇళ్లల్లో యెషయా 53వ అధ్యాయాన్ని కొత్తగా పరిచయం చేయాల్సిన పనిలేదు. ఈ ప్రాంతపు క్రైస్తవానికి ఆంగ్లికన్ మూలాలున్నాయి. ఎస్.పి.జి. మిషనరీలు 1850లలో ఆళ్లగడ్డ వైపు ముత్యాలపాడులో పని మొదలుపెట్టారు. తర్వాత నంద్యాల వాళ్లకు పెద్ద కేంద్రమైంది. ఎస్.పి.జి. హైస్కూలు పేరులో ఆ మూడక్షరాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినా నంద్యాల ఆంగ్లికన్లు చాలామంది 1970ల దాకా అందులో కలవలేదు. వాళ్లు అంతగా పట్టుకున్న ఆంగ్లికన్ ప్రార్థనా సంప్రదాయంలో శుభ శుక్రవారం సాయంత్రానికి నియమించిన పాత నిబంధన పాఠం ఇదే. నేటికీ ప్రపంచంలోని చాలా చర్చిల్లో ఆ రోజు మొదట చదివేది ఇదే.

అందుకే ఇక్కడి విశ్వాసికి ఆ పాఠం చెవిన పడగానే సిలువ కళ్ల ముందుకొస్తుంది. అందులో యేసు పేరు లేదు, మెస్సీయ అన్న మాటా లేదు. ఉన్నది ‘నా సేవకుడు’ మాత్రమే. అతనికి రూపసౌందర్యం లేదు. జనం అతణ్ని చూసి మొహం తిప్పుకున్నారు. రోగంతో, నొప్పితో బతికాడు. దేవుడే అతణ్ని కొట్టాడని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే అతను మోసింది వాళ్ల పాపాల బరువు. గొర్రెలా నోరు మెదపకుండా వెళ్లాడు. దుర్మార్గుల మధ్య అతనికి సమాధి అయింది. చివర్లో దేవుడు అతణ్ని హెచ్చించి, గొప్పవాళ్లతో పాటు అతనికీ వాటా ఇచ్చాడు. మొత్తం పదిహేను వచనాలు. పాఠం 53:1 దగ్గర కాదు, 52:13 దగ్గర మొదలవుతుంది. బైబిలును ఇప్పుడున్న అధ్యాయాలుగా విడగొట్టింది 13వ శతాబ్దిలో. ఆ విభజన ఈ పాఠాన్ని రెండు ముక్కలుగా కోసింది. మొదటి మూడు వచనాలు వెనక అధ్యాయంలో మిగిలిపోయాయి. ఈ కోత వల్ల వచ్చిన నష్టం చిన్నది కాదు.

ఈ పాఠం ఎవరి గురించన్న ప్రశ్న బైబిల్లోనే ఉంది. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయ రాణి దగ్గర పనిచేసే అధికారి ఒకడు రథంలో కూర్చుని ఇదే భాగం చదువుతుంటాడు. ప్రవక్త తన గురించి చెబుతున్నాడా, ఇంకొకరి గురించా అని ఫిలిప్పును అడుగుతాడు. ఫిలిప్పు యేసు గురించి చెబుతాడు. అధికారి అక్కడే బాప్తిస్మం తీసుకుంటాడు. క్రైస్తవుల సమాధానం అక్కడ స్థిరపడింది. ఆ ప్రశ్న మాత్రం తీరలేదు. యూదులూ క్రైస్తవులూ దాని మీద ఇరవై శతాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదాన్ని దగ్గరగా చూస్తే ‘అతడు’ ఎవరన్న దానికన్నా ‘మేము’ ఎవరన్న దగ్గరే అసలు చిక్కు కనిపిస్తుంది. 53:1 నుంచి ఎవరో బహువచనంలో మాట్లాడుతున్నారు. మేము అతణ్ని లెక్కచేయలేదు, మేము దారి తప్పాం, మా దోషం అతని మీద పడింది అంటున్నారు. ఆ పశ్చాత్తాపం ఎవరిదో తేలితే ‘అతడు’ ఎవరో దానంతటదే తేలుతుంది.

యూదుల ప్రధాన సమాధానం 52:15లో ఉంది. అక్కడ జనములు, రాజులు సేవకుణ్ని చూసి నోళ్లు మూసుకుంటారు. ఎన్నడూ విననిది వింటారు, చూడనిది చూస్తారు. ఆ వెంటనే వచ్చే వచనం, మేము విన్నది ఎవరు నమ్ముతారన్న ప్రశ్న. మధ్యనున్న అధ్యాయం అంకె తీసేస్తే మాట్లాడేది ఆ రాజులే. ఇన్నాళ్లూ తాము తొక్కిపెట్టిన జాతి దేవుడు వదిలేసిన జాతి కాదనీ, ఆ జాతి పడ్డ బాధకు కారణం తమ పాపమేననీ వాళ్లు ఒప్పుకుంటున్నారు. అంటే సేవకుడు ఇశ్రాయేలు ప్రజ మొత్తం.

దీనికి గ్రంథం లోపలి నుంచే బలమైన సాక్ష్యం ఉంది. యెషయా 40 నుంచి 55 దాకా ఉన్న అధ్యాయాలు బబులోను చెర నేపథ్యంలో నడుస్తాయి. యెరూషలేము క్రీ.పూ. 586 ప్రాంతంలో కూలింది, పారసీక రాజు కోరెషు క్రీ.పూ. 539లో బబులోనును గెలిచాడు. ఆ రాజు పేరు 44:28లో, 45:1లో నేరుగా కనబడుతుంది. అందువల్లనే నేటి పండితుల్లో ఎక్కువమంది ఈ భాగాన్ని క్రీ.పూ. 6వ శతాబ్దికి చెందిన మరో ప్రవక్తదిగా చూస్తారు. ఇదే భాగంలో 41:8, 44:1, 44:21, 45:4, 49:3 వచనాలు సేవకుడికి పేరు పెట్టి పిలుస్తాయి. ఆ పేరు యాకోబు, లేదా ఇశ్రాయేలు. ఒక రచయిత ఇన్నిసార్లు ఒకే పేరు చెప్పాక చివరికొచ్చి పేరు చెప్పకుండా వదిలితే, పాఠకుడు పాత పేరే అనుకోవడం సహజం.

క్రైస్తవ పఠనంలో ‘మేము’ ఇశ్రాయేలీయులు, వాళ్లతో పాటు పాపులైన మనుషులందరూ. తమ మధ్య తిరిగినవాణ్ని గుర్తించలేదని వాళ్లే ఒప్పుకుంటున్నారు. ఈ పక్షానికీ బలమైన ఆధారాలున్నాయి. పైన ఇశ్రాయేలు అని పేరు పెట్టిన 49:3కు రెండు వచనాల కిందే సేవకుడికి ఒక పని అప్పగిస్తారు. యాకోబును దేవుని వైపు తిప్పడమే ఆ పని. ఇశ్రాయేలే ఇశ్రాయేలును తిప్పాలంటే అర్థం కుదరదు, కాబట్టి సేవకుడు ప్రజలో ఒకడై ఉండాలని వాదన. రెండో ఆధారం 53:9. సేవకుడు దౌర్జన్యం చేయలేదు, అతని నోట కపటం లేదు. ఇదే గ్రంథం మొదటి అధ్యాయం ఇశ్రాయేలును పాపభారం మోస్తున్న జనమంటుంది. 42వ అధ్యాయం ఆ సేవకుణ్నే గుడ్డివాడంటుంది. ఏ దోషమూ లేని బాధితుడు ఆ జాతి మొత్తం ఎలా అవుతాడు? యూదు వ్యాఖ్యాతలు ఈ ప్రశ్నను దాటవేయలేదు. సేవకుడంటే ప్రజలోని నీతిమంతులని కొందరు సమాధానం చెప్పారు.

క్రైస్తవ పఠనానికి ఎదురయ్యే ముళ్లూ ఉన్నాయి. 53:10లో సేవకుడు సంతానాన్ని చూస్తాడు, దీర్ఘాయుష్మంతుడవుతాడు. సువార్తల్లోని యేసుకు పిల్లలు లేరు, సిలువ నాటికి ఆయన వృద్ధుడూ కాదు. సంతానమంటే విశ్వాసులని, దీర్ఘాయువంటే పునరుత్థానమని క్రైస్తవుల జవాబు. విశ్వసించేవాడికి ఆ జవాబు చాలు. విశ్వసించనివాడికి అది ముందే తేల్చుకున్న అర్థాన్ని వచనం మీద మోపినట్టుంటుంది.

ఇక్కడ రెండు పక్షాల ప్రచారకులూ చరిత్రను తమకు అనుకూలంగా కుదిస్తుంటారు.

క్రైస్తవ ప్రచారంలో ఒక మాట తరచు వినిపిస్తుంది. పూర్వం రబ్బీలందరూ ఈ అధ్యాయాన్ని మెస్సీయకే అన్వయించారని, 11వ శతాబ్దిలో రాషీ అనే పండితుడు క్రైస్తవులను ఎదుర్కోవడానికి ఇశ్రాయేలు అర్థాన్ని కల్పించాడని. ఇది నిజం కాదు. నిజం కాదని చెప్పే సాక్షి క్రైస్తవుడే. 3వ శతాబ్ది మధ్యలో అలెగ్జాండ్రియా పండితుడు ఓరిగెన్, కెల్సస్ అనే అన్యమత తాత్వికుడికి జవాబుగా ఒక పుస్తకం రాశాడు. తాను ఒకసారి యూదు పండితులతో వాదించిన సంగతి అందులో చెప్పాడు. ఈ ప్రవచనం ఒకే మనిషిలా వర్ణించిన ప్రజ మొత్తానిదని, ఆ ప్రజ చెదిరిపోయి దెబ్బలు తిన్నదని వాళ్లు తనతో అన్నారట. రాషీ పుట్టింది 1040లో. ఆ అర్థం అప్పటికే ఎనిమిది వందల ఏళ్ల పాతది.

రబ్బీలందరూ మెస్సీయ అన్నారనే సగం కూడా సరికాదు. అయితే దాని వెనుక కొంత నిజం ఉంది. యెషయాకు అరామిక్ భాషలో ఉన్న తర్గూము 52:13 దగ్గర సేవకుణ్ని మెస్సీయ అనే పిలుస్తుంది. క్రైస్తవ కరపత్రాలు ఆ ఒక్క వాక్యం చూపించి ఆగిపోతాయి. ఆగకుండా కింది దాకా చదివితే తర్గూము చేసిన పని ఆశ్చర్యం కలిగిస్తుంది. హెచ్చింపునంతా అది మెస్సీయకు ఇచ్చింది. అవమానాన్ని, బాధను తీసి జనముల మీద, ఇశ్రాయేలు మీద, పాడైన దేవాలయం మీద పెట్టింది. అందులోని మెస్సీయ గెలుస్తాడు, బాధపడడు. తల్మూదులో మరో తోవ ఉంది. సన్హెద్రిన్ 98బి లో మెస్సీయ పేరేమిటన్న చర్చ వస్తుంది. కొందరు 53:4ను చూపించి అతణ్ని కుష్ఠరోగి అన్నారు. సోటా 14ఎ లో ఆఖరి వచనాన్ని మోషేకు అన్వయించారు. 10వ శతాబ్దిలో సాదియా గావోన్ సేవకుడు యిర్మీయా ప్రవక్త అన్నాడు. 16వ శతాబ్దిలో సఫెద్ పట్టణంలోని మోషే అల్షెఖ్ మెస్సీయ అర్థాన్నే పట్టుకున్నాడు. కాబట్టి యూదులు ఎప్పుడూ ఒకటే మాట మీద ఉన్నారనే వాదన కూడా నిలబడదు. ఇశ్రాయేలు అర్థం పాతది, మధ్యయుగాల నుంచి ప్రధానమైనది. ఒక్కటే అర్థం మాత్రం కాదు.

రాషీ దగ్గర ఇంకాస్త ఆగాలి. ఆయన ఫ్రాన్సులోని త్రువా పట్టణంవాడు. చదువుకున్నది రైన్ నది ఒడ్డున మైంజ్, వర్మ్స్ పట్టణాల్లో. 1096లో మొదటి క్రూసేడుకు బయల్దేరిన మూకలు దారిలో ఆ రెండు పట్టణాల యూదులను ఊచకోత కోశాయి. రాషీకి అప్పుడు యాభై ఆరేళ్లు. ఈ అధ్యాయానికి ఆయన రాసిన వ్యాఖ్య మీద ఆ విషాదం నీడ పడిందని కొందరు పండితుల అభిప్రాయం. అది ఎలా ఉన్నా, 53:4 దగ్గర ఆయన రాసినది చదివితే క్రైస్తవులు కూడా ఆశ్చర్యపోతారు. లోకంలోని జనములన్నిటికీ ప్రాయశ్చిత్తం కలగడానికే ఇశ్రాయేలు బాధపడిందని ఆయన భావం. అంటే ఒకరి బాధ ఇంకొకరి పాపానికి విరుగుడవుతుందన్న ఆలోచనను రాషీ కొట్టిపారేయలేదు. బాధపడ్డవాడు ఎవరన్న దగ్గరే ఆయనకూ క్రైస్తవుడికీ తేడా. యూదులకు ప్రాయశ్చిత్త బలి అన్న భావమే పట్టదని చెప్పే ప్రసంగీకులు ఈ ఒక్క పేరా చదివితే చాలు.

ఆ తేడా బహిరంగ సభలో తలపడింది 1263 జూలైలో. అరగాన్ రాజు జేమ్స్ సమక్షంలో బార్సెలోనాలో వాదం జరిగింది. క్రైస్తవ పక్షాన పాబ్లో క్రిస్తియానీ, యూదు మతం వదిలి సన్యాసి అయినవాడు. ఎదురుగా గిరోనా పట్టణపు రబ్బీ నహ్మనిదెస్. పాబ్లో యెషయా 53 ఎత్తాడు. నహ్మనిదెస్ జవాబులో రెండు అంచెలున్నాయి. ఈ భాగపు సూటి అర్థం ఇశ్రాయేలు ప్రజ అని ముందుగా చెప్పాడు. రబ్బీలు కొందరు కథారూపంలో మెస్సీయకు అన్వయించిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు. అలా అన్వయించినవాళ్లెవరూ మెస్సీయ శత్రువుల చేతికి చిక్కి చంపబడతాడని మాత్రం అనలేదని ముగించాడు. ఎదుటివాడి ఆధారాన్ని కాదనకుండానే అది ఎక్కడి దాకా చెల్లుతుందో హద్దు గీశాడన్నమాట. వాదం ముగిశాక రాజు తనకు మూడు వందల దీనార్లు ఇచ్చి పంపాడని నహ్మనిదెస్ రాసుకున్నాడు. తర్వాత కొన్నేళ్లకే ఆయన దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది.

సినగాగుల్లో ఈ అధ్యాయాన్ని ఉద్దేశపూర్వకంగా దాచారన్న ఆరోపణ కూడా తరచు వినిపిస్తుంది. యూదులు ప్రతి శనివారం ధర్మశాస్త్ర భాగంతో పాటు ప్రవక్తల నుంచి ఒక భాగం చదువుతారు. దాన్ని హఫ్తరా అంటారు. దేవాలయం కూలిన దినాన్ని తలచుకునే ఉపవాసం తర్వాత ఏడు వారాలూ యెషయా నుంచే ఓదార్పు భాగాలు వస్తాయి. వాటిలో ఒకటి 52:12 దగ్గర ఆగుతుంది, ఇంకొకటి 54:1 దగ్గర మొదలవుతుంది. మధ్యలో సరిగ్గా మన పాఠమే వదిలేశారు. ఇది అనుమానం పుట్టించే ఖాళీయే, క్రైస్తవులతో ఉన్న తగాదా దీనికి కొంత కారణమై ఉండొచ్చని అనుకునే పండితులూ ఉన్నారు. కానీ దాచడమంటే వేరు. ప్రవక్తల గ్రంథాల్లో చాలా భాగం హఫ్తరాలో ఎక్కడా రాదు. పైగా వీపును కొట్టేవాళ్లకు అప్పగించి, ఉమ్మివేతకు మొహం తిప్పుకోని సేవకుడి పాట 50:4-9లో ఉంది. అది ఆ ఏడు వారాల్లో రెండో వారం ఏటా చదివే భాగంలోనే ఉంది. బాధపడే సేవకుడంటే భయపడే సంప్రదాయం ఆ పాటను ఉంచదు.

క్రైస్తవుల లెక్కలోనూ సరిచూసుకోవాల్సినవి ఉన్నాయి. కొత్త నిబంధన ఈ అధ్యాయాన్ని ఎత్తినప్పుడల్లా సిలువ గురించే ఎత్తిందనుకుంటారు. మత్తయి 8:17 చూడండి. రోగాలను మోశాడన్న 53:4ను మత్తయి యేసు రోగులను స్వస్థపరచిన సందర్భంలో పెట్టాడు. అక్కడ సిలువ ప్రసక్తి లేదు. యోహాను 12:38, రోమా 10:16 తీసుకున్నది ఎవరు నమ్మారని మొదలయ్యే 53:1ని మాత్రమే. బ్రిటిష్ పండితురాలు మోర్నా హుకర్ 1959లో ఈ సంగతినే పుస్తకంగా విస్తరించింది. యేసు తనను తాను ఈ సేవకుడిగా భావించాడనడానికి ఆధారం మనం అనుకునేంత లేదని ఆమె వాదన. చాలామంది ఆమెతో విభేదించారు గానీ ఆ ప్రశ్నను పక్కన పెట్టలేకపోయారు. సేవకుడి బాధను పాపపరిహారంతో కొత్త నిబంధనలో విడమరచి కలిపింది ముఖ్యంగా 1 పేతురు 2వ అధ్యాయం. అదీ బానిసలకు చెప్పిన మాటల మధ్యలో. యజమానుడు కఠినుడైనా లోబడి ఉండండి, ఎందుకంటే క్రీస్తు కూడా మాట తూలకుండా బాధపడ్డాడు అని.

ఈ మాట దగ్గర తెలుగు నేల మీద వాదం వేరే మలుపు తిరుగుతుంది. నంద్యాల, ఆళ్లగడ్డ సీమలో మిషనరీల మాట విని చర్చికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాలపల్లెల వాళ్లు. ఊరు మొహం తిప్పుకునే మనిషి ఎవరో వాళ్లకు వ్యాఖ్యానం చూసి తెలుసుకోవాల్సిన అవసరం లేదు. 1980లలో దళిత వేదాంతానికి రూపమిచ్చిన అరవింద్ పి. నిర్మల్ ఈ అధ్యాయాన్ని సరిగ్గా ఈ వైపు నుంచి చదివాడు. రూపం లేనివాడు, తిరస్కృతుడు, నోరులేనివాడు అన్న లక్షణాల్లో ఆయనకు దళితుడి ముఖం కనిపించింది. దేవుడే సేవకుడైతే, ఇల్లు ఊడ్చేవాడిలో, పాకీ పనివాడిలో దేవుణ్ని చూడటానికి చర్చి సిద్ధమా అని ఆయన నిలదీశాడు. ఆ తర్వాత వచ్చిన దళిత వేదాంతుల్లో కొందరు దీన్ని ప్రశ్నించారు. తరతరాలుగా సేవ బలవంతంగా నెత్తిన పడ్డవాడికి సేవకత్వాన్నే ఆదర్శంగా చూపితే, ఓర్చుకో అన్న పాత మాటే మళ్లీ చెప్పినట్టు కాదా అని వాళ్ల అభ్యంతరం. పేతురు పత్రికను జీతగాళ్లకు చదివి వినిపించిన ఊళ్లలో ఈ అభ్యంతరానికి బరువుంది. నిర్మల్ పఠనంలో ‘మేము’ స్థానం మారిందని గమనించాలి. అక్కడ పశ్చాత్తాపపడాల్సింది ఊరు. అంటే సేవకుణ్ని ఒక జనసమూహంగా, ఒప్పుకునేవాళ్లను అతణ్ని అణచినవాళ్లుగా చూడటం. ఈ అమరికకు రాషీ అమరికతో దగ్గరి పోలిక ఉంది.

యూదు, క్రైస్తవ పఠనాలు రెండూ పక్కపక్కన ఉన్న తెలుగు ఊరు కూడా ఒకటుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు 1980ల చివర నుంచి తాము ఇశ్రాయేలులోని ఎఫ్రాయిము గోత్రపు వారసులమని ప్రకటించుకుని యూదు ఆచారాలు పాటిస్తున్నాయి. 1990ల ఆరంభంలో అక్కడ సినగాగు వెలిసింది. అంతకు ముందు వాళ్లలో చాలామంది బాప్టిస్టు సంఘంలో ఉన్నవాళ్లే. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వాళ్ల మీద రాసిన పుస్తకం 2013లో వచ్చింది. కులానికీ ఈ కొత్త గుర్తింపుకూ ఉన్న ముడిని అది విప్పి చూపించింది. చర్చి నుంచి సినగాగుకు మారినవాడికి ఈ పాఠంలో ఒక్క అక్షరమూ మారదు. అతను కూర్చునే చోటు మారుతుంది. మొన్నటిదాకా అతను ‘మేము’ పక్షాన ఉండి పశ్చాత్తాపపడేవాడు. యూదు పఠనం ఒప్పుకుంటే ఇప్పుడతను బాధపడిన ‘అతడి’ పక్షం.

ఒక్క మాట పట్టుకుని ఈ తగాదా తీర్చేయవచ్చనుకోవడం రెండు పక్షాల్లోనూ కనిపించే జబ్బు. 53:8 చివర హీబ్రూలో ‘లామో’ అనే మాట ఉంది. మామూలుగా దానికి ‘వారికి’ అని అర్థం. దెబ్బ తగిలింది వారికి అంటే సేవకుడు సమూహమేనని యూదు వాదులు దీన్ని ముందు పెడతారు. తెలుగు బైబిల్లో ఏకవచనమే ఉంది. కానీ ఇదే యెషయా 44:15లో ఇదే మాట ఒక్క విగ్రహాన్ని ఉద్దేశించి వచ్చింది. ప్రాచీన గ్రీకు అనువాదకులు అక్కడ అసలు ‘మరణానికి’ అన్న అర్థం తీసుకున్నారు. అంచేత ఆ మాట ఏ పక్షానికీ తీర్పు ఇవ్వదు. 1947లో కుమ్రాన్ గుహల్లో బయటపడిన యెషయా చుట్ట కూడా ఈ తగాదాను తీర్చలేదు. అది క్రీస్తు పుట్టుకకు వందేళ్లకు పైగా ముందే రాసినది, ఏడు మీటర్లకు పైగా పొడవు. ఈ అధ్యాయం అందులో దాదాపు మనకు తెలిసినట్టే ఉంది. క్రైస్తవులు వచనాలు చేర్చారనీ, యూదులు మార్చారనీ చెప్పుకునే కథలకు ఆ చుట్టతో చోటు లేకుండా పోయింది. చెప్పుకోదగ్గ తేడా 53:11లో ఉంది. బాధ తర్వాత సేవకుడు చూస్తాడని మన దగ్గరున్న హీబ్రూ పాఠం అంటుంది, ఏం చూస్తాడో చెప్పదు. కుమ్రాన్ చుట్టలోనూ గ్రీకులోనూ అతను వెలుగు చూస్తాడు.

మరి తీర్పు ఏమిటి? గ్రంథాన్ని దాని కాలంలో, దాని వరసలో పెట్టి చదివితే ఇశ్రాయేలు అర్థానికే మొగ్గు ఎక్కువ. పేరు పెట్టి పిలిచిన వచనాలను, 52:15లోని రాజులను పక్కన పెట్టడం కష్టం. అదే సమయంలో 53వ అధ్యాయంలోని చిత్రం ఒక జాతి మీద కన్నా ఒక మనిషి మీదే చక్కగా అతుకుతుంది. మొదటి క్రైస్తవులు సిలువ తర్వాత వెనక్కి తిరిగి చూసి అక్కడ తమ గురువును గుర్తుపట్టారు. అది ప్రవక్త తన శ్రోతలకు ఏం చెప్పాడన్న ప్రశ్నకు జవాబు కాదు, ఆ మాటల్లో తమకు ఏం కనిపించిందన్న సాక్ష్యం. ఈ రెంటినీ ఒకటే అనుకుని వాదించినప్పుడే గొడవంతా.

ఈ సంగతిని తేల్చుకోదలచిన పాఠకుడు చేయాల్సిన పని తేలికే. యెషయా 41 నుంచి 53 దాకా ఒక్క విడతలో చదవండి. సేవకుడు అన్న మాట వచ్చిన ప్రతి చోటా గీత గీయండి. 52:15 దగ్గరకు వచ్చాక అధ్యాయం అంకె కనబడినా ఆగకుండా సాగిపోండి. పక్కన ‘మేము’ అంటున్నది ఎవరో మీకు తోచింది పెన్సిలుతో రాసుకోండి. ఆ తర్వాతే వ్యాఖ్యానాలు తెరవండి.